మలుపు మనుషులు కావలెను

"ఒక్క గంట చాలు" అన్న మాట బావగారి నోట్లోంచి రాగానే విజిలమ్మ టీ గ్లాసు బల్లమీద ఠక్కున పెట్టింది. టీ తొణికి బావగారి కాగితం అంచు తడిసింది. ఆవిడేం సారీ చెప్పలేదు.

పాల బూత్ పైన ఉన్న ఆ ఒంటిగదే కాలనీ సంఘం ఆఫీసు. అక్కడున్నది ముగ్గురు. ప్రెసిడెంటు బావగారు, అంటే విజిలమ్మ సొంత అక్క మొగుడు. మైకు కనిపిస్తే వదలడు కనక ఊరంతా ఆయన్ని మైకాయన అంటుంది, ఆయనకి తెలియకుండా. రెండో ఆయన మందుల షాపాయన, సంఘం కోశాధికారి. ఏ పక్షం గెలుస్తుందో తేలేదాకా నీళ్లు నమలడంలో ఆయన్ని మించినవాళ్లు లేరు. మూడో మనిషి విజిలమ్మ. ముప్ఫయ్యేళ్లు బడిలో డ్రిల్లు టీచరు, మొన్ననే రిటైరయింది. పేరు ఎవరికీ గుర్తులేదు, విజిలు మాత్రం అందరికీ గుర్తుంది.

"మళ్లీ చదవండి" అంది విజిలమ్మ.

బావగారు గొంతు సవరించుకున్నారు. "సేవాభావం కలిగిన యువతకు ఆహ్వానం! మన కాలనీ పరుగుకు వలంటీర్లు కావలెను. మీ విలువైన సమయంలో ఒకే ఒక్క గంట! సరదా పని! అందమైన సర్టిఫికెట్!"

"అచ్చం పోయినేడాది నోటీసే కదా."

"బాగుందనే కదా మళ్లీ వాడేది."

"బాగుందా? పోయినేడాది ఏమైందో మర్చిపోయారా బావగారూ?"

మర్చిపోయేంత చిన్న సంగతి కాదది. ఐదు కిలోమీటర్ల పరుగు. పరిగెత్తేవాళ్లు పరిగెత్తచ్చు, నడిచేవాళ్లు నడవచ్చు. ప్రతి మలుపులో ఒక వలంటీరు నిలబడి దారి చూపించాలి. ఒక్క గంటేనని చెప్పి తెచ్చిన కాలేజీ పిల్లలు గంట కాగానే బుద్ధిగా ఇళ్లకి పోయారు. వాళ్ల తప్పేముంది? చెప్పిన గంట అయింది, పోయారు. పరిగెత్తేవాళ్లు అప్పటికే వచ్చేశారు కానీ నడిచేవాళ్లు ఇంకా సగం దారిలోనే ఉన్నారు. చివరి మలుపులో ఎటు తిరగాలో చెప్పే దిక్కులేక డజను మంది ఆడవాళ్లు తిన్నగా వెళ్లి లారీల రోడ్డెక్కారు. హారన్లు, దుమ్ము, తిట్లు. దేవుడి దయవల్ల ఎవరికీ ఏమీ కాలేదు. కానీ ఆ డజను మందిలో అందరికన్నా వెనక ఉన్న మనిషి విజిలమ్మ అక్క, బావగారి పెళ్లాం.

మోకాళ్ల నొప్పులతోనే ఆర్నెల్లు సాధన చేసింది అక్క. మొదట గేటు దాకా, తర్వాత వీధి చివరిదాకా, ఆపైన పార్కు చుట్టూ. ఆరోజు లారీల రోడ్డు మీంచి అడిగి అడిగి మైదానానికి చేరేసరికి గమ్యం బ్యానరు దింపేశారు, కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేర్చేశారు. ముఖ్య అతిథి వెళ్లిపోయాడని మైకు కట్టేశారు. కట్టించింది సాక్షాత్తూ మొగుడే. "నువ్వు ఎప్పుడో ఇంటికెళ్లిపోయావనుకున్నానే" అన్నారట. అక్క ఆ రోజునుంచి గేటు దాటి అడుగు పెట్టలేదు. డాక్టరు నడవమంటాడు, ఈవిడ నవ్వుతుంది. "నాకోసం ఎవరు ఆగుతార్లే" అంటుంది. ఆ మాట విన్నప్పుడల్లా విజిలమ్మకి ఒళ్లు మండిపోతుంది.

"అసలు ఈసారి పరుగు లేకపోతే ఏం?" అన్నాడు మందుల షాపాయన, గాలి ఎటు వీస్తోందో చూసుకుంటూ. "పోలీసు ఇన్‌స్పెక్టరుగారు కూడా కుదరదన్నట్టే మాట్లాడారు."

"కుదరదనలేదు. ప్రతి మలుపులో మొదటినుంచి చివరిదాకా మనిషుండాలి, వాళ్ల పేర్లూ ఫోన్లూ ముందే ఇమ్మన్నారు. ఒక్క మలుపు ఖాళీగా ఉన్నా పర్మిషను లేదన్నారు. న్యాయమే కదా!" అంది విజిలమ్మ.

"అంతమంది ఎక్కడ దొరుకుతారు మరదలా?" బావగారు చేతులు చాచారు. "దొరక్కపోతే ఆ ఆదివారం మైదానంలో పాటల కచేరీ పెట్టేద్దాం. ఒకసారి మొదలైతే ఏటా అదే. ఎవరూ నడవక్కర్లేదు, ఎవరూ తప్పిపోరు."

స్టేజీ, లైట్లు, గంటకోసారి ప్రెసిడెంటుగారి రెండు మాటలు. విజిలమ్మకి కళ్లముందు కనిపించింది. పరుగు పోతే అక్క ఇక గడప దాటదని కూడా కనిపించింది.

"మనుషుల్ని నేను తెస్తా. నోటీసు నేను రాస్తా" అంది.

"నువ్వు రాస్తే ఉన్నవాళ్లు కూడా పారిపోతారు."

"పారిపోయేవాళ్లు ముందే పారిపోతే మంచిదే కదండీ. పరుగు మధ్యలో పారిపోతేనే గొడవ."

ఆ సాయంత్రమే కూచుని రాసింది. రాసి, జిరాక్సులు తీయించి, బస్ డిపో గోడకీ, నర్సింగ్ హాస్టలు గేటుకీ, కిరాణా కొట్టుకీ, పార్కు కటకటాలకీ తానే అంటించింది. అందులో ఇలా ఉంది:

"మలుపు మనుషులు కావలెను. జీతం లేదు. 

టైము: ఆదివారం పొద్దున్న ఐదున్నర నుంచి పది దాకా. ముందు శుక్రవారం సాయంత్రం గంటన్నర శిక్షణ, దానికి రానివాళ్లు ఆదివారం రానక్కర్లేదు. 

పని: మలుపులో నిలబడాలి. కూర్చోవడానికి కుర్చీ లేదు, ఫోను చూసుకోవడానికి వీల్లేదు. వచ్చే ప్రతి మనిషికీ చెయ్యి చాపి దారి చూపించాలి. బళ్లని ఆపడం మీ పని కాదు, అది పోలీసుల పని, హీరోలవకండి. ఎవరైనా కళ్లు తిరిగి పడితే నీడలో పడుకోబెట్టి నర్సుకి ఫోను చేయాలి. నీళ్ల బల్ల దగ్గరవాళ్లు కప్పులు నింపాలి, తాగి పారేసినవి ఏరాలి. మధ్యలో బాత్రూంకి వెళ్లాలంటే మీ చోట నిలబడడానికి స్కూటరు మీద బదులు మనిషి వస్తాడు. ఆ మనిషి వచ్చాకే కదలాలి. 

మీకు దక్కేది: టిఫిను, టీ, టోపీ, ప్రథమ చికిత్స నేర్పే ఒక పాఠం. సేవ చేశారని ఉత్తరం కావాలంటే ఇస్తాం, పనిచేసినన్ని గంటలే అందులో ఉంటాయి. చప్పట్లు మీకు రావు. మీ వల్ల ఒక మనిషి దారి తప్పకుండా ఇల్లు చేరుతుంది, ఆ సంగతి మీకొక్కరికే తెలుస్తుంది."

బావగారు చదివి నుదురు కొట్టుకున్నారు. "ఇది పిలుపా, బెదిరింపా?"

"రెండూ" అంది విజిలమ్మ.

మర్నాటినుంచి ఇల్లిల్లూ తిరగడం మొదలుపెట్టింది. మొదటి రోజు ఒక్కరూ దొరకలేదు. జిమ్ము కుర్రాళ్లు నోటీసుతో ఫొటో దిగి నవ్వుకున్నారు. మాటలు కోటలు దాటుతాయి కానీ కాళ్లు గడప దాటవంటారే, అలాంటి పెద్దమనుషులు వీధికి నలుగురు తగిలారు. రెండో రోజు బస్ డిపోలో ఓ లేడీ కండక్టరు నోటీసు ముందు నిలబడి పైకే చదువుతూ కనిపించింది.

"నాలుగున్నర గంటలు నిలబడాలా?" అంది.

"అవునమ్మా."

"కదిలే బస్సులో రోజుకి ఎనిమిది గంటలు నిలబడతా. ఇది కదలదు కదా?"

"కదలదు."

"అయితే నా పేరు రాసుకోండి. మా డ్యూటీ ఆవిణ్ని కూడా తెస్తా. ఇన్నాళ్లకి పని ఎంతో ముందే చెప్పే నోటీసు చూశానండీ. మిగతావన్నీ 'రండి, వచ్చాక చెప్తాం' రకం."

నర్సింగ్ హాస్టల్లో ఓ పొడుగు పిల్ల వాదనకి దిగింది. "మేడం, పది గంటల సేవకి ఉత్తరం ఇస్తే మా కాలేజీలో పనికొస్తుంది. పది అని రాయరూ?"

"శుక్రవారం గంటన్నర, ఆదివారం నాలుగున్నర. ఎంతైంది?"

"ఆరు."

"ఆరే రాస్తా."

ఆ పిల్ల మూతి ముడుచుకుని వెళ్లిపోయింది. సాయంత్రానికి ఆరుగురు స్నేహితురాళ్లతో తిరిగొచ్చింది. "ఆరంటే ఆరే రాసేవాళ్ల ఉత్తరమైతే మా ప్రిన్సిపాలు నమ్ముతారటండీ" అంది, కొంచెం సిగ్గుపడుతూ.

అపార్ట్‌మెంటు వాచ్‌మన్ తానూ వస్తానంటే మాత్రం వద్దంది. రాత్రంతా మేలుకున్న మనిషిని పొద్దున్నే రోడ్డు మలుపులో నిలబెట్టడం పాపం. "శనివారం సాయంత్రం నీళ్ల డబ్బాలు బల్లల దగ్గరికి చేర్చు నాయనా. గంట పని. నీకు మాత్రం నిజంగానే గంట" అంది. అతను పగలబడి నవ్వాడు.

అలా ఏరుకుంటూ వస్తుంటే శుక్రవారం నాటికి లెక్క దాదాపు సరిపోయేలా ఉంది. సరిగ్గా అప్పుడే బావగారు తన మంచితనం చూపించారు. మరదలి నోటీసు మీద నమ్మకం లేక, ఆవిడకి సాయం చేద్దామన్న సదుద్దేశంతోనే, కాలనీ ఫోను గ్రూపులో తన పాత నోటీసు పెట్టేశారు. ఒక్క గంట, సరదా పని, సర్టిఫికెట్.

శుక్రవారం సాయంత్రం బడి వరండాలో శిక్షణకి వచ్చిన జనాన్ని చూసి విజిలమ్మ మెట్లమీదే ఆగిపోయింది. యాభై మందికి పైనే ఉన్నారు. కొందరు సెల్ఫీలు దిగుతున్నారు. జిమ్ము కుర్రాళ్లయితే సర్టిఫికెట్ ఎప్పుడిస్తారని అప్పుడే అడుగుతున్నారు. బావగారు గుమ్మం దగ్గర పెళ్లికొడుకులా నిలబడి వెలిగిపోతున్నారు.

"చూశావా మరదలా? మనుషుల్ని తేవడమంటే ఇదీ!"

విజిలమ్మకి కోపం నషాళానికంటింది. ఏడుపు కూడా వచ్చింది, ఆ మాట దాచడం దేనికి. వారం రోజులు చెప్పులరిగేలా తిరిగి నిజం చెప్పి తెచ్చిన పదిహేను మంది ఆ గుంపులో ఎక్కడున్నారో కూడా కనిపించడం లేదు. జేబులోంచి విజిల్ తీసి ఒక్క ఊదు ఊదింది. వరండా నిశ్శబ్దమైపోయింది. ఒకప్పుడు ఆవిడ దగ్గర చదువుకున్న వాళ్లయితే తెలియకుండానే వరసలో నిలబడ్డారు.

"గంట పనని ఎవరో మీకు అబద్ధం చెప్పారు. చెప్పినాయన మా బావగారే, మంచాయనే, కానీ అబద్ధం అబద్ధమే. పని నాలుగున్నర గంటలు. ఎండ ఉంటుంది. మీ ఫొటో ఎవరూ తియ్యరు. గంట కోసం వచ్చినవాళ్లు ఇప్పుడే వెళ్లిపోండి. వెళ్లినవాళ్లని నేనేమీ అనుకోను. ఉండి మధ్యలో వెళ్లినవాళ్లని మాత్రం వదలను."

ముందు ఒకడు కదిలాడు, ఆ వెనక గుంపు గుంపే కదిలింది. గేటు దగ్గర తొక్కిసలాట అయింది.

"చేతికొచ్చిన పంటని నువ్వే తగలబెట్టుకుంటున్నావు!" బావగారు గేటువైపు రెండు చేతులూ చాపారు. "నలుగురిలో నా పరువు తీశావు!"

"మీ పరువు నిలిస్తే మలుపులు నిలవవు బావగారూ. నాకు మలుపులు కావాలి."

మందుల షాపాయన ఎటువైపూ చూడకుండా పైకప్పు చూశాడు.

మిగిలినవాళ్లని నిలబెట్టి లెక్కపెట్టింది. గుంపులోంచి ఇద్దరు కొత్తవాళ్లు కూడా ఆగిపోయారు. జిమ్ము కుర్రాళ్లలో ఒకడు "ఫొటో లేకపోయినా ఉంటానండీ" అంటూ తల గోక్కున్నాడు. నీళ్ల బల్లలు సరిపోయాయి, బదులు మనుషులు సరిపోయారు, అందరికన్నా వెనకబడ్డ మనిషితో పాటే నడిచే తోకమనిషి పని విజిలమ్మే పెట్టుకుంది. మలుపులు ఏడు. ఆరింటికి మనుషులున్నారు. నర్సు పిల్లల్లో ఒకతెకి ఆ మధ్యాహ్నమే జ్వరమొచ్చి రాలేదు. ఖాళీగా మిగిలింది లారీల రోడ్డు మలుపే.

"ఇంకేం, పేర్లు రేపు పొద్దున్న స్టేషన్‌లో ఇవ్వాలి" అన్నారు బావగారు. ఆ గొంతులో సంతోషం ఉందో జాలి ఉందో ఆయనకే తెలియాలి. "పాటలవాళ్లకి ఫోను చెయ్యనా?"

"మీరు నిలబడండి అక్కడ."

"నేనా? ముఖ్య అతిథిని ఎవరు చూసుకుంటారు? స్టేజీ మీద నేను లేకపోతే ఎలా?"

"ఆ మలుపు నాకివ్వు."

గొంతు వరండా మెట్ల దగ్గర్నుంచి వచ్చింది. అక్క. ఒక చేత్తో గోడ పట్టుకుని నిలబడి ఉంది. అన్నాళ్లకి గేటు దాటిన మనిషి, బడిదాకా ఎలా వచ్చిందో ఏమో, ఆయాసపడుతోంది.

"అక్కా, నువ్వు నడవాలి" అంది విజిలమ్మ. "నీ నడక కోసమే కదే ఇదంతా! నువ్వు బ్యానరు దాటుతుంటే చూడాలనే కదా ఊరంతా తిరిగాను!"

"నన్ను అడిగావా?"

విజిలమ్మ చేతిలోని పేర్ల కాగితం వైపు చూసుకుంది.

"ఊళ్లో అందర్నీ అడిగావు. టైము చెప్పావు, పని చెప్పావు, ఇష్టముంటేనే రమ్మన్నావు. నన్నొక్కదాన్నే అడగకుండా నడిపించేస్తున్నావు. నాకు నడవాలని లేదు చిన్నీ. నీ నోటీసు కిరాణా కొట్టబ్బాయి సరుకులతో పాటు ఇచ్చాడు. నాలుగుసార్లు చదివా. ఆ మలుపులో మనిషి లేకపోతే ఎలా ఉంటుందో మీలో ఎవరికి తెలుసు? నాకు తెలుసు. నాకివ్వు."

"అంతసేపు నిలబడగలవా?" బావగారు ఆదుర్దాగా అడిగారు. "నీ మోకాళ్లు..."

"నా మోకాళ్ల సంగతి పోయినేడాది గుర్తురావాల్సింది మీకు."

విజిలమ్మ చెంపలు తుడుచుకుని డ్రిల్లు టీచరు గొంతు తెచ్చుకుంది. "నోటీసులో కుర్చీ లేదన్నాను. ఆ మాట తప్పు. మోకాళ్లు బాగాలేనివాళ్లకి స్టూలు ఇవ్వాల్సింది. నీకు స్టూలు ఉంటుంది. బదులు మనిషి రెండుసార్లు వస్తాడు. ఒప్పుకుంటావా?"

"ఒప్పుకుంటా. పేరు రాసుకో."

ఆదివారం వచ్చింది. పరిగెత్తేవాళ్లు బాణాల్లా పోయారు, వాళ్ల వెనక నడిచేవాళ్లు కబుర్లు చెప్పుకుంటూ సాగారు, అందరి వెనకా బ్యాంకు మేడం. తుంటి ఎముకకి ఆపరేషనై చేతికర్రతో నడుస్తున్న రిటైర్డు క్యాషియరు. "నావల్ల మీకు ఆలస్యం" అని ఆవిడ అన్నప్పుడల్లా పక్కన నడుస్తున్న విజిలమ్మ "మీరు లేకపోతే నాకు ఉద్యోగమే లేదు" అంటోంది. ఒక్కో మలుపే దాటుతున్నారు. కండక్టరు చెయ్యి చాపి "ఇటు రైట్, రైట్!" అంది. జిమ్ము కుర్రాడు చెమటతో తడిసి ముద్దై కూడా నిలబడే ఉన్నాడు.

లారీల రోడ్డు మలుపు చేరేసరికి ఎండ ముదిరింది. స్టూలు పక్కన పడి ఉంది. అక్క రోడ్డు వైపు వీపుపెట్టి నిలబడి, రెండు చేతులూ మైదానం వైపు చాపింది. మొహం ఎర్రగా కందిపోయింది.

"ఒక్కరు, ఒక్కరు కూడా అటు పోలేదు చిన్నీ" అంది, విజిలమ్మ చెల్లెలు కాదన్నట్టు, పై అధికారికి చెప్పినట్టు. తర్వాత గొంతు మారింది. "మీ బావగారు మూడుసార్లు ఫోను చేశారు, ముఖ్య అతిథి వెళ్లిపోతున్నాడు, ఫొటోకి రమ్మని. కట్ చేశా. ఇప్పుడు నాలుగోసారి చేశారు. పందిరివాళ్లు తొందరపెడుతున్నారట, అన్నీ పీకేస్తున్నారట."

బ్యాంకు మేడం ఆ మాట విని ఆగిపోయింది. కర్ర మీద వాలింది. "పోన్లెండి. ఇంతవరకూ వచ్చాను కదా, చాలు" అని నవ్వింది. అచ్చం అక్క నవ్వే నవ్వు.

అక్క ఆ నవ్వుని చూసింది. ఆఖరి మనిషి వచ్చేసింది, ఇక మలుపు పని అయిపోయింది. అప్పుడే వచ్చి ఆగిన బదులు మనిషి స్కూటరు వెనక, పక్కకి కూర్చుని, పోనియ్యమని అతని భుజం మీద చరిచింది.

విజిలమ్మా బ్యాంకు మేడమూ మైదానం గేటు చేరేసరికి పోయినేడాది లాగే కుర్చీలు పేర్చి ఉన్నాయి. స్టేజీ మెట్లు ఊడదీసి లారీలోకి ఎక్కిస్తున్నారు. గమ్యం దగ్గర పాతిన గుంజలు రెండూ పీకేసి నేలమీద పడేశారు. బ్యానరు మాత్రం గాలిలోనే ఉంది. ఒక కొస అక్క పట్టుకుంది. రెండో కొస బావగారు పట్టుకున్నారు. రెండు చేతులూ తలమీదికెత్తి, ఇస్త్రీ చొక్కా చంకల దగ్గర తడిసిపోయి, ఒక్క కాలిమీదినుంచి ఇంకో కాలిమీదికి మారుతున్నారు. మైకు లేదు, జనం లేరు.

"చేతులు పడిపోతున్నాయే" అన్నారు. "ఇంకెంతసేపు?"

"ఆవిడ వచ్చేదాకా" అంది అక్క.

బావగారు తల తిప్పి గేటువైపు చూశారు. దూరంగా చేతికర్రతో అడుగులో అడుగు వేసుకుంటూ వస్తున్న మనిషిని చూశారు, చాలాసేపు చూశారు. తర్వాత కిందికి జారిన తన కొసని మళ్లీ పైకెత్తారు.